ఎనిమిది శాంపిల్స్ ఎఫ్‌ఎఫ్‌టీ: బిట్ రివర్సల్ ముందు పెట్టాలా, వెనక పెట్టాలా, అసలు వదిలేయాలా?

రాడిక్స్ టూ ఎఫ్‌ఎఫ్‌టీ సొంతంగా రాద్దామని కూర్చున్నవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఒకే చోట. ఒక పుస్తకంలో ఇన్‌పుట్‌ని ముందే తారుమారు చేసి తర్వాత బటర్‌ఫ్లైలు నడుపుతారు, ఇంకోదాంట్లో ఇన్‌పుట్ ఉన్నదున్నట్టే తీసుకుని చివర్లో అవుట్‌పుట్‌ని సర్దుతారు, మూడోచోట అసలు బిట్ రివర్సల్ మాటే ఉండదు, కానీ జవాబు మాత్రం అన్నిచోట్లా ఒకటే వస్తుంది. మరి మనం ఏది రాయాలి? దీన్ని ఎనిమిది శాంపిల్స్ మీద చేత్తో లెక్క కట్టి చూస్తేనే తేడా బాగా తెలుస్తుంది, అందుకే ఇక్కడ ఒకే డేటాని అన్ని పద్ధతుల్లోనూ నడిపిస్తున్నా.

మన డేటా ఇది, మొత్తం ఇదే వాడదాం:

`x = 3, 1, 2, 5, 1, 3, 4, 1`

## ముందు ఏం చూసి ఎంచుకోవాలి

బటర్‌ఫ్లైల సంఖ్య చూసి మాత్రం ఎంచుకోకండి, అది ఏ పద్ధతిలోనైనా ఒకటే. ఎనిమిది శాంపిల్స్‌కి మూడు స్టేజ్‌లు, స్టేజ్‌కి నాలుగు, మొత్తం 12 బటర్‌ఫ్లైలు. ఆ 12లో ఏడింటికి ట్విడిల్ ఫ్యాక్టర్ 1, మూడింటికి `-j`, అంటే ఆ పదింట్లో నిజమైన గుణకారమే లేదు, `-j` తో గుణించడమంటే రియల్, ఇమాజినరీ భాగాల్ని అటూఇటూ మార్చి ఒకదానికి గుర్తు తిప్పడమే. మిగిలిన రెండింటికే 0.7071 తో పని పడుతుంది. ఈ లెక్క డెసిమేషన్ ఇన్ టైమ్‌లోనూ అంతే, డెసిమేషన్ ఇన్ ఫ్రీక్వెన్సీలోనూ అంతే.

నిజంగా తేడా వచ్చేది మూడు విషయాల్లో. మొదటిది, డేటా మీ దగ్గరకి ఎలా వస్తోంది, మొత్తం ఒకేసారి మెమరీలో ఉందా లేక ఒక్కో శాంపిల్ చొప్పున వస్తోందా. రెండోది, అవుట్‌పుట్‌ని ఎవరు చదువుతారు, మనిషి చూసే స్పెక్ట్రమ్ గ్రాఫా లేక వెంటనే ఇన్వర్స్ చేసేసే ఫిల్టరా. మూడోది, ఇంకో ఎరే అంత మెమరీ ఇవ్వగలరా లేదా. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఎంపిక దాదాపు తేలిపోయినట్టే, ఎందుకంటే ఆర్డర్ సర్దే పని ఎక్కడో ఒకచోట చేయక తప్పదు, ముందు చేస్తామా, వెనక చేస్తామా, ప్రతి స్టేజ్‌లో కొంచెం కొంచెం చేస్తామా, లేక అసలు ఆర్డర్ అవసరమే లేని పని చూసుకుని తప్పించుకుంటామా అన్నదే ప్రశ్న.

## ఆ వింత ఆర్డర్ ఎక్కడినుంచి వస్తుంది

ఎనిమిది శాంపిల్స్‌ని సరి ఇండెక్స్‌లు, బేసి ఇండెక్స్‌లుగా విడదీస్తే `0 2 4 6` ఒకవైపు, `1 3 5 7` ఇంకోవైపు వస్తాయి. ఒక్కో గుంపుని మళ్లీ అలాగే విడదీస్తే `0 4`, `2 6`, `1 5`, `3 7`. అంతే, ఇదే `0 4 2 6 1 5 3 7`. మొదటిసారి విడదీసినప్పుడు చూసింది ఇండెక్స్‌లోని చివరి బిట్, కానీ అది ఏ సగంలోకి వెళ్లాలో చెప్పింది, అంటే కొత్త చోటులో మొదటి బిట్ అయిపోయింది. రెండోసారి మధ్య బిట్ చూశాం, అది మధ్యలోనే ఉండిపోయింది. అందుకే 1, అంటే `001`, తిరగేస్తే `100`, 4వ చోటుకి పోతుంది, 3 అంటే `011`, తిరగేస్తే `110`, 6కి పోతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది, 0, 2, 5, 7 ఎటు చదివినా ఒకటే (`000`, `010`, `101`, `111`), అవి కదలవు. ఎనిమిదింట్లో నిజంగా జరిగేది రెండే మార్పిడులు, 1 తో 4, 3 తో 6. ఈ కదలని నాలుగు చోట్లు తర్వాత టెస్టింగ్‌లో మనల్ని బాగా మోసం చేస్తాయి, గుర్తుపెట్టుకోండి.

కోడ్‌లో మామూలుగా ఇలా రాస్తారు:

```c
for (int i = 1, j = 0; i < n; i++) {
    int bit = n >> 1;
    for (; j & bit; bit >>= 1) j ^= bit;
    j ^= bit;
    if (i < j) swap(&a[i], &a[j]);
}
```

ఇది పైనుంచి కిందకి క్యారీ పోయే కౌంటర్ లాంటిది, `i` మామూలుగా 1, 2, 3 అని పెరుగుతుంటే `j` 4, 2, 6, 1, 5, 3, 7 అని వెళ్తుంది. ఆ `if (i < j)` తీసేస్తే 1 దగ్గర ఒకసారి 4 తో మారుతుంది, మళ్లీ 4 దగ్గరికొచ్చాక 1 తో మారి పాత చోటుకే వచ్చేస్తుంది, అంటే రివర్సల్ అసలు జరగనట్టే. లూప్ నడుస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు, అందుకే ఈ తప్పు పట్టుకోవడం కష్టం. ఇక ఏఆర్ఎమ్ ప్రాసెసర్లలో ఉండే `RBIT` ఇన్‌స్ట్రక్షన్ వాడేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి, అది మొత్తం 32 బిట్లనీ తిరగేస్తుంది, మనకి కావాల్సింది మూడే, కాబట్టి తర్వాత 29 బిట్లు కుడివైపు జరపాలి.

## మొదటి పద్ధతి: ముందు రివర్సల్, తర్వాత బటర్‌ఫ్లైలు

ఇది డెసిమేషన్ ఇన్ టైమ్, కూలీ, టూకీ 1965లో రాసిన పేపర్ పేరుతో అందరికీ తెలిసింది. ఇందులో బటర్‌ఫ్లై ముందు గుణిస్తుంది, తర్వాత కూడి తీసివేస్తుంది:

```c
t = w * b;
b = a - t;
a = a + t;
```

వరస చూడండి, `a` ని చివర్లో మారుస్తున్నాం. `a = a + t` ముందు రాసేసి తర్వాత `b = a - t` అంటే `b` లోకి పాత `a` వచ్చేస్తుంది తప్ప తేడా రాదు.

రివర్సల్ అయ్యాక మన డేటా `3, 1, 2, 4, 1, 3, 5, 1`. ఇక స్టేజ్ ఒకటి, పక్కపక్కన ఉన్నవాటిని జతలుగా తీసుకుని ట్విడిల్ 1 తో చేస్తాం, అంటే ఒట్టి కూడికా తీసివేతా. స్టేజ్ రెండులో రెండేసి చోట్ల దూరం, ట్విడిల్ 1, `-j`. స్టేజ్ మూడులో నాలుగేసి చోట్ల దూరం, ట్విడిల్స్ నాలుగూ, `W0` నుంచి `W3` దాకా.

| చోటు | రివర్సల్ తర్వాత | స్టేజ్ 1 | స్టేజ్ 2 | స్టేజ్ 3 | ఏ బిన్ |
|---|---|---|---|---|---|
| 0 | 3 | 4 | 10 | 20 | X0 |
| 1 | 1 | 2 | 2+2j | -2.2426+0.5858j | X1 |
| 2 | 2 | 6 | -2 | -2+2j | X2 |
| 3 | 4 | -2 | 2-2j | 6.2426-3.4142j | X3 |
| 4 | 1 | 4 | 10 | 0 | X4 |
| 5 | 3 | -2 | -2-4j | 6.2426+3.4142j | X5 |
| 6 | 5 | 6 | -2 | -2-2j | X6 |
| 7 | 1 | 4 | -2+4j | -2.2426-0.5858j | X7 |

ఒక్క బటర్‌ఫ్లైని దగ్గరగా చూద్దాం, స్టేజ్ మూడులో 1, 5 చోట్ల జత. కింద ఉన్నది `-2-4j`, ట్విడిల్ `W1 = 0.7071 - 0.7071j`. గుణిస్తే `-4.2426 - 1.4142j`. పైన ఉన్న `2+2j` కి దీన్ని కలిపితే X1, తీసేస్తే X5. అంటే ఒక్క గుణకారంతో రెండు బిన్‌లు వచ్చాయి, ఎఫ్‌ఎఫ్‌టీలో పని మిగిలేదంతా ఈ ఒక్క కిటుకు వల్లే.

జవాబు సరైందో కాదో చూడటానికి X0 అన్ని శాంపిల్స్ మొత్తం, 20, సరిపోయింది. X4 అంటే సరి ఇండెక్స్‌ల మొత్తం మైనస్ బేసి ఇండెక్స్‌ల మొత్తం, 10 మైనస్ 10, సున్నా, అదీ సరిపోయింది.

ఈ పద్ధతి ఎవరికి బాగుంటుందంటే, డేటా మొత్తం ముందే మెమరీలో ఉండి, అవుట్‌పుట్ 0, 1, 2 అని మామూలు వరసలో కావాల్సినవాళ్లకి. ఇంకో లాభం, డేటా ఏడీసీనుంచి ఇంటరప్ట్‌లో వస్తుంటే శాంపిల్‌ని బఫర్‌లో రాసేటప్పుడే రివర్స్ చేసిన చోట రాసేయొచ్చు, అప్పుడు వేరే రివర్సల్ లూప్ అక్కర్లేదు. కొన్ని డీఎస్‌పీ చిప్‌లలో బిట్ రివర్స్డ్ అడ్రసింగ్ అని ప్రత్యేకంగా ఇచ్చేది ఇందుకే.

ఒక చిన్న మాట, డెసిమేషన్ ఇన్ టైమ్ అంటే తప్పనిసరిగా ఇన్‌పుట్టే తారుమారు అవ్వాలని లేదు. ఇన్‌పుట్ మామూలు వరసలో ఇచ్చి, ట్విడిల్స్‌ని రివర్స్ ఆర్డర్‌లో వాడి, అవుట్‌పుట్‌ని తారుమారుగా తీసుకునే రూపం కూడా ఉంది. పుస్తకాల్లో ఎక్కువ కనిపించేది మాత్రం పైదే, కాబట్టి ఎవరి కోడ్ అయినా తీసుకునేటప్పుడు పేరు చూసి కాకుండా ఇన్‌పుట్ ఏ వరసలో అడుగుతుందో చూసి తీసుకోండి.

## రెండో పద్ధతి: ముందు బటర్‌ఫ్లైలు, చివర్లో రివర్సల్

ఇది డెసిమేషన్ ఇన్ ఫ్రీక్వెన్సీ, జెంటిల్‌మన్, శాండీ 1966లో చూపించిన రూపం. ఇక్కడ బటర్‌ఫ్లై ముందు కూడి తీసివేస్తుంది, గుణకారం తీసివేసిన దాని మీద మాత్రమే చేస్తుంది:

```c
t = a - b;
a = a + b;
b = t * w;
```

దూరాలు కూడా తిరగబడతాయి, స్టేజ్ ఒకటిలో నాలుగు చోట్ల దూరం, తర్వాత రెండు, చివరికి ఒకటి. ట్విడిల్స్ నాలుగూ మొదటి స్టేజ్‌లో వాడతాం, రెండో స్టేజ్‌లో 1, `-j` మాత్రమే, చివరి స్టేజ్‌లో గుణకారమే ఉండదు.

| చోటు | ఇన్‌పుట్ | స్టేజ్ 1 | స్టేజ్ 2 | స్టేజ్ 3 | ఏ బిన్ |
|---|---|---|---|---|---|
| 0 | 3 | 4 | 10 | 20 | X0 |
| 1 | 1 | 4 | 10 | 0 | X4 |
| 2 | 2 | 6 | -2 | -2+2j | X2 |
| 3 | 5 | 6 | 2j | -2-2j | X6 |
| 4 | 1 | 2 | 2+2j | -2.2426+0.5858j | X1 |
| 5 | 3 | -1.4142+1.4142j | -4.2426-1.4142j | 6.2426+3.4142j | X5 |
| 6 | 4 | 2j | 2-2j | 6.2426-3.4142j | X3 |
| 7 | 1 | -2.8284-2.8284j | 4.2426-1.4142j | -2.2426-0.5858j | X7 |

రెండు టేబుల్స్‌ని పక్కపక్కన పెట్టి చూడండి, చివరి విలువలు అవే, చోట్లు మాత్రం 1 కి 4, 3 కి 6 మారాయి. స్టేజ్ ఒకటి తర్వాత పైసగంలో ఉన్న `4, 4, 6, 6` అనేవి సరి బిన్‌లకి (X0, X2, X4, X6) కావాల్సిన నాలుగు పాయింట్ల ట్రాన్స్‌ఫార్మ్ ఇన్‌పుట్, కిందసగం బేసి బిన్‌లది. అంటే మొదటి పద్ధతిలో శాంపిల్స్‌ని సరి బేసిగా విడదీస్తే ఇక్కడ బిన్‌లని సరి బేసిగా విడదీస్తున్నాం, తారుమారు అవుట్‌పుట్‌కి పోవడానికి కారణం అదే.

ఇది ఒక్కో శాంపిల్ వరసగా వచ్చేవాళ్లకి, ముఖ్యంగా ఎఫ్‌పీజీఏలో పైప్‌లైన్ కట్టేవాళ్లకి, చక్కగా కుదురుతుంది. 0 నుంచి 3 దాకా నాలుగు శాంపిల్స్ దాచుకుని, 4వ ఇండెక్స్ శాంపిల్ రాగానే 0 తో జత కట్టి పని మొదలెట్టొచ్చు, ఇన్‌పుట్ వైపు ఫ్రేమ్ మొత్తం ఆగాల్సిన పని లేదు. కానీ బయటికొచ్చేది `X0, X4, X2, X6, X1...` అనే వరసలో. దాన్ని మామూలు వరసలో కావాలంటే X0 తర్వాత X1 కోసం ఆగాలి, అది వచ్చేలోపు వచ్చినవాటిని దాచాలి, అంటే బఫరూ ఆలస్యమూ రెండూ అక్కడ పడతాయి. కొనుక్కునే ఎఫ్‌ఎఫ్‌టీ కోర్లలో అవుట్‌పుట్ మామూలు వరసలో కావాలా, బిట్ రివర్స్డ్‌లో కావాలా అని అడిగేది ఈ ఖర్చు మనమే నిర్ణయించుకోవాలని.

## మూడో పద్ధతి: రివర్సల్ అసలు చేయకపోవడం

నాకు వీటన్నిట్లో బాగా నచ్చేది ఇదే, చాలామందికి ఇది వాడొచ్చని తోచకపోవడం బాధగా ఉంటుంది. కన్వల్యూషన్ కోసం ఎఫ్‌ఎఫ్‌టీ చేస్తున్నప్పుడు మధ్యలో స్పెక్ట్రమ్‌ని ఎవరూ చూడరు, ఒక్కో బిన్‌ని ఒక్కో బిన్‌తో గుణించి వెనక్కి తెస్తాం అంతే. గుణించేటప్పుడు రెండు ఎరేలూ ఒకే తారుమారు వరసలో ఉంటే ఆ వరస ఏదైనా పర్లేదు. కాబట్టి రెండు సిగ్నల్స్‌కీ రెండో పద్ధతి వాడి, చివరి రివర్సల్ వదిలేసి, తారుమారుగానే గుణించి, ఇన్వర్స్‌కి మొదటి పద్ధతి బటర్‌ఫ్లైలు వాడాలి, దానికి కావాల్సింది తారుమారు ఇన్‌పుట్టే కదా, దాని రివర్సల్ కూడా అక్కర్లేదు. ట్విడిల్స్‌లో `j` గుర్తు తిప్పి, చివర్లో 8 తో భాగిస్తే సిగ్నల్ మామూలు వరసలో బయటికొస్తుంది. మూడు ట్రాన్స్‌ఫార్మ్‌లలో ఒక్కసారి కూడా ఆర్డర్ సర్దలేదు.

చేత్తో చూడటానికి ఒక చోటు జరిపే ఫిల్టర్ తీసుకుందాం, `h` లో 1వ చోట మాత్రమే 1, మిగతావి సున్నా. దీని స్పెక్ట్రమ్ `W` పవర్ `k`. రెండో పద్ధతినుంచి రివర్సల్ లేకుండా వస్తే అది `1, -1, -j, j, W1, W5, W3, W7` అని ఉంటుంది. మన X కూడా అదే వరసలో ఉంది కాబట్టి చోటుకి చోటు గుణించి ఇన్వర్స్ చేస్తే `1, 3, 1, 2, 5, 1, 3, 4` వస్తుంది, అసలు డేటా గుండ్రంగా ఒక చోటు జరిగింది.

ఇందులో తప్పు జరిగేది ఫిల్టర్‌ని ఎఫ్‌ఎఫ్‌టీతో తీయకుండా నేరుగా ఫ్రీక్వెన్సీలో రాసుకున్నప్పుడు. ఫార్ములా చూసి `1, W1, W2, W3, -1...` అని మామూలు వరసలో రాసేసి తారుమారు X తో గుణిస్తే 0, 2, 5, 7 చోట్లు సరిగ్గానే ఉంటాయి, మిగతా నాలుగు చెడతాయి. రియల్ సిగ్నల్‌కి ఇది సులువుగా తెలిసిపోతుంది, X2 కి X6 కాంజుగేట్‌గా ఉండాల్సిన పొత్తు చెడిపోయి, ఇన్వర్స్ చేశాక సున్నా ఉండాల్సిన ఇమాజినరీ భాగంలో పెద్ద విలువలు కనిపిస్తాయి. అప్పుడు చేయాల్సింది ఒకటే, ఫిల్టర్ టేబుల్‌ని ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారి రివర్స్ చేసి పెట్టుకోవడం.

కాంజుగేట్ జతలు కావాల్సినవాళ్లు, అంటే రెండు రియల్ సిగ్నల్స్‌ని ఒకే కాంప్లెక్స్ ఎఫ్‌ఎఫ్‌టీలో పెట్టి తర్వాత విడదీసేవాళ్లు, తారుమారు వరసలో అది కుదరదనుకుంటారు. కుదురుతుంది. పై టేబుల్ చూస్తే X1 4వ చోట, X7 7వ చోట, X5 5వ చోట, X3 6వ చోట, X2 2వ చోట, X6 3వ చోట ఉన్నాయి, అంటే ఒక్కో బ్లాకులో మొదటిదీ చివరిదీ జత, లోపలిదీ లోపలిదీ జత.

సీఎంఎస్ఐఎస్ డీఎస్‌పీ లైబ్రరీ వాడేవాళ్లకి ఈ పద్ధతి పూర్తిగా చేతికి రాదు, `arm_cfft_f32` లో చివరి `bitReverseFlag` ని 0 చేస్తే అవుట్‌పుట్ రివర్సల్ మానేస్తుంది కానీ ఇన్వర్స్ కూడా మామూలు వరస ఇన్‌పుట్టే అడుగుతుంది. ఇన్వర్స్ బటర్‌ఫ్లైలు మీరే రాసుకుంటేనే ఈ లాభం.

## నాలుగో పద్ధతి: స్టాకమ్, స్టేజ్ స్టేజ్‌కీ సర్దుకుంటూ పోవడం

దీంట్లో వేరే రివర్సల్ స్టేజ్ ఉండదు, కానీ ప్రతి స్టేజ్ ఒక ఎరేలోంచి చదివి ఇంకో ఎరేలో రాస్తుంది. ఏ స్టేజ్‌లోనైనా చదివేది నాలుగు చోట్ల దూరంలో ఉన్న జతలనే, అంటే 0 తో 4, 1 తో 5, 2 తో 6, 3 తో 7. రాసే చోటు మాత్రం స్టేజ్‌ని బట్టి మారుతుంది, మొదట పక్కపక్కన, తర్వాత రెండు దూరంలో, చివరికి నాలుగు దూరంలో.

| చోటు | ఇన్‌పుట్ | స్టేజ్ 1 | స్టేజ్ 2 | స్టేజ్ 3 |
|---|---|---|---|---|
| 0 | 3 | 4 | 10 | 20 |
| 1 | 1 | 2 | 2+2j | -2.2426+0.5858j |
| 2 | 2 | 4 | -2 | -2+2j |
| 3 | 5 | -1.4142+1.4142j | 2-2j | 6.2426-3.4142j |
| 4 | 1 | 6 | 10 | 0 |
| 5 | 3 | 2j | -4.2426-1.4142j | 6.2426+3.4142j |
| 6 | 4 | 6 | 2j | -2-2j |
| 7 | 1 | -2.8284-2.8284j | 4.2426-1.4142j | -2.2426-0.5858j |

విలువలు రెండో పద్ధతివే, స్టేజ్ ఒకటిలో ఉన్న ఎనిమిది సంఖ్యలు అవే ఎనిమిది, వేరే చోట్లలో కూర్చున్నాయి అంతే. ఇన్‌పుట్ మామూలు వరస, అవుట్‌పుట్ మామూలు వరస.

దీనికి కట్టాల్సిన ధర మెమరీ. 1024 పాయింట్ల కాంప్లెక్స్ ఫ్లోట్ డేటా 8 కేబీ, స్టాకమ్‌కి ఇంకో 8 కేబీ కావాలి. పీసీలో అది లెక్కలోకి రాదు, పైగా పెద్ద సైజుల్లో బిట్ రివర్సల్ లూప్ మెమరీ అంతా దూరదూరంగా గెంతుతూ క్యాష్‌ని పాడుచేస్తుంది కాబట్టి స్టాకమే మేలు, వరసగా చదవడం రాయడం వల్ల వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లకీ జీపీయూకీ బాగా కుదురుతుంది. చిన్న మైక్రోకంట్రోలర్‌లో మాత్రం ఆ 8 కేబీ ఉండకపోవచ్చు.

ఇంకో చిక్కు, ప్రతి స్టేజ్‌కీ రెండు ఎరేలూ పాత్రలు మార్చుకుంటాయి కాబట్టి ఎనిమిది పాయింట్లకి మూడు స్టేజ్‌లు అయ్యాక జవాబు మీ అసలు ఎరేలో ఉండదు, రెండోదాంట్లో ఉంటుంది. 16 పాయింట్లకి నాలుగు స్టేజ్‌లు, అప్పుడు అసలు ఎరేలోనే ఉంటుంది. 16 తో టెస్ట్ చేసి బాగుందనుకుని 8 లేదా 32 తో నడిపితే స్టేజ్ మధ్యలోని విలువలు జవాబుగా చదివేస్తారు, అందుకే ఫంక్షన్ ఏ ఎరేలో జవాబుందో ఆ పాయింటర్ తిరిగివ్వాలి.

## నాలుగింటినీ కలిపి చూస్తే

| చూడాల్సింది | ముందు రివర్సల్ | చివర్లో రివర్సల్ | రివర్సల్ లేకుండా | స్టాకమ్ |
|---|---|---|---|---|
| ఇన్‌పుట్ వరస | మామూలు, తర్వాత తారుమారు | మామూలు | మామూలు | మామూలు |
| స్పెక్ట్రమ్ వరస | మామూలు | సర్దాక మామూలు | తారుమారు | మామూలు |
| అదనపు ఎరే | వద్దు | వద్దు | వద్దు | ఒకటి కావాలి |
| ట్విడిల్ గుణకారం | కూడికకి ముందు | తీసివేత తర్వాత | రెండూ | తీసివేత తర్వాత |
| బాగా కుదిరేది | మొదటిసారి రాసేవాళ్లకి, చిన్న చిప్‌లకి | వరసగా వచ్చే డేటాకి | కన్వల్యూషన్‌కి | పెద్ద సైజులకి, వెక్టర్ ప్రాసెసర్లకి |

మొదటిసారి రాస్తున్నవాళ్లు మొదటి పద్ధతి తీసుకోండి, స్టేజ్ స్టేజ్‌కీ చేత్తో సరిపోల్చుకోవడం దాంట్లోనే సులువు, స్టేజ్ రెండు తర్వాత పైసగంలో `10, 2+2j, -2, 2-2j` అనేది సరి శాంపిల్స్ `3, 2, 1, 4` కి అచ్చమైన నాలుగు పాయింట్ల జవాబు, విడిగా కట్టి చూసుకోవచ్చు. రివర్సల్ ఖర్చు గురించి ఈ దశలో బెంగ పెట్టుకోనక్కర్లేదు, 1024 పాయింట్లకి కూడా 496 మార్పిడులే, బటర్‌ఫ్లైలు 5120. ఫిల్టరింగే పనైతే మూడోదానికి వెళ్లండి. మెమరీ ఉండి సైజు లక్షల్లో ఉంటే స్టాకమ్. ఫ్రేమ్ ఆపకుండా ప్రవాహంలా వచ్చే డేటాకి రెండోది, అదీ తర్వాతి బ్లాకు తారుమారు వరసని ఒప్పుకుంటే రివర్సల్ లేకుండానే.

## ఏది తీసుకున్నా టెస్ట్ ఎలా చేయాలి

మామూలుగా అందరూ వాడే టెస్టులు బిట్ రివర్సల్ తప్పుని పట్టుకోలేవు. అన్నీ 1 ఇచ్చి చూస్తే రివర్సల్ ఉన్నా లేకున్నా X0 = 8, మిగతావి సున్నా. 0వ చోట ఒక్క 1 ఇస్తే రివర్సల్ ఉన్నా లేకున్నా అన్ని బిన్‌లూ 1, ఆ చోటు కదలదు. మొదటి పద్ధతిలో 2వ చోట ఇచ్చినా కదలదు. మొదటి పద్ధతిలో రివర్సల్ మర్చిపోతే వచ్చేది శాంపిల్స్ కలిపేసిన ఇంకో రియల్ సిగ్నల్‌కి సరైన ఎఫ్‌ఎఫ్‌టీనే, అందుకని కాంజుగేట్ పొత్తు సరిపోతుంది, పార్సెవల్ ఎనర్జీ లెక్క కూడా సరిపోతుంది (మన డేటాకి స్క్వేర్ల మొత్తం 66, స్పెక్ట్రమ్‌లో 528, అంటే 8 రెట్లు). మన డేటాతోనే రివర్సల్ లేకుండా నడిపితే X0 మళ్లీ 20 వస్తుంది, తప్పు బయటపడేది X4 లో, 0 బదులు 2 వస్తుంది.

పట్టుకునే టెస్ట్ ఒకటుంది, 1వ చోట ఒక్క 1 పెట్టండి. సరైన జవాబు `1, 0.7071-0.7071j, -j, -0.7071-0.7071j, -1...` అని గుండ్రంగా తిరగాలి. మొదటి పద్ధతిలో రివర్సల్ పోయినా, రెండుసార్లు జరిగినా, ఆ 1 ని 4వ చోట ఉన్నట్టు చూసి `1, -1, 1, -1...` అని ఇస్తుంది. రెండో పద్ధతిలో చివరి రివర్సల్ పోతే 1వ చోట -1, 4వ చోట `0.7071-0.7071j` కనిపిస్తాయి. తిరుగుడు సరిగ్గా ఉండి `j` గుర్తు మాత్రం తిరగబడితే అది రివర్సల్ తప్పు కాదు, ట్విడిల్ టేబుల్ ఇన్వర్స్‌ది వాడేశారు. తర్వాత ఇదే టెస్ట్‌ని 3వ చోట 1 పెట్టి ఇంకోసారి నడపండి, ఎందుకంటే మిగిలిన రెండో మార్పిడి 3 కీ 6 కీ మధ్యే.